‘మీరు వాడేశారు’ అంటూ వాపసు తిరస్కరిస్తే జవాబు ఎలా రాయాలి

వాపసు పంపిన వస్తువు విక్రేతకు చేరిన రెండు మూడు రోజులకు ఒక పొట్టి మెయిల్ వస్తుంది. “తనిఖీలో వస్తువును వాడినట్లు తేలింది. అందువల్ల మీ వాపసును అంగీకరించలేకపోతున్నాం.” అంతే. ఏ గుర్తు చూసి వాడారని నిర్ణయించారో, అది వస్తువులో ఎక్కడ ఉందో, ఎవరు ఎప్పుడు చూశారో ఒక్క మాటైనా ఉండదు. అది చదివి ఒళ్లు మండిన కొనుగోలుదారు వెంటనే రాసే జవాబు కూడా ఇంచుమించు ఒకటే. “నేను అసలు వాడనే లేదు. మీరు మోసం చేస్తున్నారు. నా డబ్బు నాకు ఇచ్చేయండి.”

కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ జవాబులోని మొదటి వాక్యం మీకే అడ్డం తిరుగుతుంది. వస్తువులో లోపం ఉందని మీకు తెలిసిందంటే మీరు దాన్ని ఆన్ చేసి ఉంటారు, తొడిగి చూసి ఉంటారు, ఏదో ఒక పని చేయించి చూసి ఉంటారు. పైగా ఇప్పటి యంత్రాలు ఎన్నిసార్లు పనిచేశాయో వాటి లెక్క అవే రాసుకుంటాయి. “అసలు వాడలేదు” అన్న తరువాత విక్రేత ఆ లెక్కను బయట పెడితే, మీరు చెప్పిన మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది.

నేను కొంతకాలం వాపసు వచ్చిన వస్తువుల ఫిర్యాదులు చూసే చోట పనిచేశాను. అక్కడ తెలిసిన ఒక సంగతి ఈ జవాబు రాయడానికి బాగా పనికొస్తుంది. గోదాములో పెట్టె విప్పి వస్తువును చూసే మనిషి వేరు, మీకు మెయిల్ రాసే మనిషి వేరు. చూసే మనిషి ముందు నాలుగైదు గడులున్న ఒక పట్టిక ఉంటుంది: సీలు తీయనిది, సీలు తీసినది, వాడినది, దెబ్బతిన్నది, భాగాలు లేనిది. అతను కొద్ది నిమిషాల్లో ఒక గడిలో టిక్కు పెట్టి తరువాతి పెట్టె అందుకుంటాడు. మెయిల్ రాసే మనిషి ఆ టిక్కునే చూస్తాడు కానీ వస్తువును చూడడు. మీరు వస్తువును ఎందుకు తిప్పి పంపారో ఆ టిక్కు పెట్టిన మనిషికి చాలాసార్లు తెలియదు కూడా.

అంటే “వాడారు” అన్నది ఒక నిర్ణయం మాత్రమే. దాని వెనుక ఎవరో ఒకరు కంటితో చూసినది ఏదో ఉండాలి. మీ జవాబు ఆ చూసిన దాన్ని బయటికి రప్పించాలి, దానికి లెక్క చెప్పాలి, ఆ తరువాత మీకు ఏం కావాలో అడగాలి. ఒక ప్రింటర్ విషయంలో ఇదంతా ఎలా నడుస్తుందో చూద్దాం. ప్రింటర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒక్క కాగితమైనా ముద్రించకుండా దాని లోపం తెలియదు, ముద్రించిన ప్రతి కాగితమూ దాని లెక్కలోకి ఎక్కుతుంది.

ముందుగా తేల్చుకోవలసినది: ఎందుకు తిప్పి పంపారు?

జవాబు మొదలుపెట్టే ముందు మీ వాపసు అభ్యర్థనను తెరిచి, కారణం అన్న చోట మీరు ఏది ఎంచుకున్నారో చూడండి. నచ్చక తిప్పి పంపడం ఒకటి, లోపం ఉండి తిప్పి పంపడం మరొకటి. ఈ రెండింటిలో “వాడారు” అన్న మాటకు ఉండే బరువు ఒకటి కాదు.

నచ్చక పంపినప్పుడు ఆ మాటకు కొంత బరువు ఉంది. మీరు తిప్పి పంపిన వస్తువును విక్రేత ఇంకొకరికి కొత్తదిగా అమ్ముకోవాలి కదా. అయితే పరీక్షించడం, వాడుకోవడం ఒకటి కాదు. ఈ గీత ఎక్కడ గీయాలో ఐరోపా సమాఖ్య 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల ఆదేశం చక్కగా చెప్పింది. వస్తువు ఎలాంటిదో, దాని లక్షణాలేమిటో, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అవసరమైనంత వరకు కొనుగోలుదారు దాన్ని చూడవచ్చు. అంతకు మించి వాడటం వల్ల విలువ తగ్గితే, ఆ తగ్గిన మేరకే అతను బాధ్యుడు. దుకాణంలో ఎంతవరకు చూడనిస్తారో అంతవరకు అన్నమాట. ఆ ఆదేశంలోనే ఉన్న ఉదాహరణ బట్టలది: తొడిగి సరిపోయిందో లేదో చూడవచ్చు, వేసుకుని తిరగకూడదు. ఆ చట్టం మీకు వర్తించకపోవచ్చు, కానీ ఆ తర్కం ఎక్కడైనా అర్థమవుతుంది. మీ జవాబులో దాన్ని మీ మాటల్లో వాడుకోవచ్చు.

లోపం ఉండి పంపినప్పుడు మాత్రం “వాడారు” అన్నది అసలు ప్రశ్నకు జవాబే కాదు. మీరు అంటున్నది వస్తువు సరిగ్గా పనిచేయడం లేదని. విక్రేత అంటున్నది మీరు దాన్ని పనిచేయించి చూశారని. రెండూ ఒకేసారి నిజం కావచ్చు, చాలావరకు అవుతాయి కూడా. విక్రేత నిజంగా అనవలసింది రెండే: లోపం లేదు అనాలి, లేదా ఆ లోపం మీ చేతిలో కలిగింది అనాలి. మీ జవాబు అతన్ని ఈ రెండింటిలో ఒకదానికి తీసుకురావాలి.

ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. లోపం ఉన్నా, తొందరగా అయిపోతుందని కొందరు కారణం గడిలో “ఇక అవసరం లేదు” అని ఎంచుకుంటారు. మీరూ అలా చేసి ఉంటే జవాబులో దాన్ని దాచకండి. “కారణం ఎంపికలో పొరపాటు జరిగింది, లోపం గురించి ఫలానా తేదీన ఫొటోలతో మీకు రాశాను” అని ఒక వాక్యం చాలు. ముందుగా రాసిన ఫిర్యాదు లేకపోతే మాత్రం మీ దారి కష్టమవుతుంది. అప్పుడు ఫోనులో ఉన్న ఫొటోల తేదీలే మీకు ఆధారం.

కథ ఇది

నెల 3వ తేదీన ఒక ఇంక్‌జెట్ ప్రింటర్ ఇంటికి వచ్చింది. 4న అమర్చారు. మొదటి పత్రంలోనే అక్షరాల మీదుగా అడ్డంగా తెల్లని చారలు కనిపించాయి. 5న ఫొటోలతో ఫిర్యాదు చేశారు. 6న విక్రేత సహాయ విభాగం చాట్‌లో వరుసగా కొన్ని పనులు చేయించింది: ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు సరిగ్గా ఉన్నాయో చూసే నాజిల్ పరీక్ష, ఆ రంధ్రాలుండే హెడ్ శుభ్రం, మళ్లీ నాజిల్ పరీక్ష, చివరికి లోతైన శుభ్రం. చారలు పోలేదు. 8న వాపసు కోరారు, 9న ప్యాక్ చేసి పంపారు. 12న అది విక్రేతకు చేరింది. 15న మెయిల్ వచ్చింది: వస్తువు వాడినది, 31 పేజీలు ముద్రించి ఉన్నాయి, ఇంకు సగానికి తగ్గింది, వాపసు కుదరదు.

ఈ మెయిల్ రాసినవారు కనీసం ఏం చూశారో చెప్పారు. మీకు వచ్చిన మెయిల్‌లో అదీ లేకపోతే మీ మొదటి జవాబు నాలుగు వరుసలకు మించనక్కర్లేదు. ఏ గుర్తు చూసి వాడినట్లు నిర్ణయించారు, ఆ గుర్తు ఫొటో పంపండి, అదే ఫొటోలోనో పక్కనో వస్తువు సీరియల్ నంబరు కనిపించాలి, తనిఖీ ఏ తేదీన జరిగింది. సీరియల్ నంబరు అడగడం చాదస్తం కాదు. ఒకే రకం వస్తువులు ఒకే బల్ల మీదికి వచ్చే చోట ఒకరి పెట్టెలోది ఇంకొకరి పేరున రాయడం జరుగుతుంది, నేను చూశాను. ఫొటో రాగానే మీ బిల్లు మీద, పెట్టె మీద ఉన్న నంబరుతో పోల్చండి. సరిపోకపోతే మిగతా వాదన అంతా అనవసరం, ఆ తేడా ఒక్కటే రాసి పంపండి.

చూసిన దానికి లెక్క చెప్పండి

మన కథలో విక్రేత రెండు గుర్తులు చూపించారు. పేజీల సంఖ్య, ఇంకు మట్టం. రెండింటికీ విడివిడిగా జవాబు కావాలి.

పేజీల సంగతి ముందు. చాలా ప్రింటర్లలో మెనూ నుంచి ఒక స్థితి పత్రం ముద్రించుకోవచ్చు. అందులో అప్పటివరకు ముద్రించిన మొత్తం పేజీలు ఉంటాయి, సీరియల్ నంబరు కూడా చాలావాటిలో ఉంటుంది. మన కొనుగోలుదారు 9న ప్యాక్ చేసే ముందు దాన్ని ముద్రించి ఫొటో తీసి పెట్టుకున్నారు. అందులో ఉన్న సంఖ్య 18. ఇప్పుడు ఆ పద్దెనిమిదీ ఎక్కడివో కాగితం మీద రాసుకోవాలి. అమర్చేటప్పుడు ప్రింటర్ తనంతట తాను ముద్రించిన హెడ్ సవరణ పత్రాలు 2. చారలు కనిపించిన సొంత పత్రం 6 పేజీలు. మొదటి నాజిల్ పరీక్ష 1. హెడ్‌ను మూడుసార్లు శుభ్రం చేసి, చేసిన ప్రతిసారీ తీసిన పరీక్ష పత్రాలు 3. లోతైన శుభ్రం తరువాత ఇంకొకటి. వేరే కాగితం మీద ముద్రించి చూడమని సహాయ విభాగం చెబితే తీసినవి 3. మళ్లీ చేసిన హెడ్ సవరణ 2. కూడితే 18.

ఈ లెక్కలో ఆ 6 పేజీలను దాచాలనిపిస్తుంది. దాచకండి. అవి మీకు బలం. లోపం కనిపించినది వాటిలోనే, ఫిర్యాదుతో పంపిన ఫొటోలు వాటివే. “సొంత పత్రం 6 పేజీలు, ఆరింటిలోనూ చారలు ఉన్నాయి” అని రాసిన మనిషిని నమ్మడం సులభం.

ఇక విక్రేత చెప్పిన 31. స్థితి పత్రం కొన్ని ప్రింటర్లలో తనను తాను లెక్కించుకుంటుంది, కొన్నింటిలో లెక్కించుకోదు. కాబట్టి జాగ్రత్తగా లెక్క వేద్దాం. ఆ పత్రాన్ని కలుపుకున్నా మీ చేతిలోంచి వెళ్లేటప్పటికి 19. మిగిలిన 12 పేజీలు ప్రింటర్ మీ ఇల్లు దాటిన తరువాత ముద్రించినవి. బహుశా గోదాములో పరీక్షించి ఉంటారు. అందులో తప్పేమీ లేదు, పరీక్షించాలి కూడా. కానీ వాటిని మీ ఖాతాలో వేయడం మాత్రం కుదరదు. పైగా వాళ్లు పరీక్షించి ఉంటే ఆ 12 పేజీల మీద చారలు వచ్చాయా లేదా అన్నది వాళ్లకు తెలిసే ఉంటుంది. జవాబులో అడగవలసిన అత్యంత విలువైన ప్రశ్న ఇదే. దాన్ని నిందలా కాక, మామూలుగా అడగాలి.

ఇంకు విషయం చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం ఆగుదాం. కొత్త ఇంక్‌జెట్ ప్రింటర్‌ను మొదటిసారి ఆన్ చేయగానే అది కార్ట్రిడ్జ్‌ల నుంచి ఇంకును లాగి ప్రింట్ హెడ్‌ను సిద్ధం చేసుకుంటుంది. హెడ్ ప్రింటర్‌లోనే ఉండి కార్ట్రిడ్జ్‌లు విడిగా వచ్చే రకాల్లో గొట్టాలు, హెడ్ నిండటానికి ఇంకు గణనీయంగా ఖర్చవుతుంది. ఒక్క పేజీ ముద్రించకముందే మట్టం తగ్గి కనిపిస్తుంది. ఆ తరువాత హెడ్‌ను శుభ్రం చేసిన ప్రతిసారీ నాజిళ్ల గుండా ఇంకును బలవంతంగా లాగి పారేస్తుంది, లోతైన శుభ్రంలో ఇంకా ఎక్కువ. కాబట్టి పద్దెనిమిది పేజీలకు ఇంకు సగమైందంటే ఎవరో తెగ ముద్రించుకున్నారని అర్థం కాదు. విక్రేత మనిషే చెప్పి చేయించిన నాలుగు శుభ్రాలు దాన్ని తాగేశాయి. ఆ మాట చాట్‌లో తేదీతో సహా ఉంది.

మీ వస్తువు ప్రింటర్ కాకపోవచ్చు. ఆలోచన మాత్రం మారదు: విక్రేత చూపిన గుర్తు మామూలుగా ఎలా ఏర్పడుతుంది, అందులో పరీక్షకు అవసరమైనది ఎంత, అతని సూచన మీద జరిగినది ఎంత, మీ చేయి దాటాక జరిగినది ఎంత. లాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో అదే చెబుతుంది. మొదటి రోజు అప్‌డేట్‌లకే గంటలు పడుతుంది కనుక ఒకటి రెండు చక్రాలు నడవడంలో వింత లేదు. బూట్లయితే వేళ్ల దగ్గర మడతకూ అడుగున రాపిడికీ తేడా ఉంది. ఇంట్లో తొడిగి నాలుగడుగులు వేస్తే మడత పడుతుంది. అడుగున గీతల్లో మట్టి ఇరుక్కుంటే మాత్రం బయట నడిచినట్లే, దానికి నేనైనా మంచి జవాబు రాసి ఇవ్వలేను.

జవాబు రాయడం

ఇప్పుడు మెయిల్. ఫోన్‌లో మాట్లాడవద్దని కాదు. మాట్లాడితే ఆ రోజే “ఇవాళ ఫోనులో మీరు చెప్పినది ఇది” అని రెండు వరుసలు రాసి పంపండి. రాత లేని మాటను తరువాత మూడో మనిషి ముందు పెట్టలేరు. ఆర్డరు ఏదైనా ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ద్వారా చేసి ఉంటే ఆ వేదికలోని సందేశాల పెట్టెలోనే రాయండి, వివాదం వస్తే వాళ్లు ముందు చూసేది అదే.

మన కొనుగోలుదారు 16న రాసిన జవాబు ఇలా ఉండవచ్చు.

> విషయం: ఆర్డరు నంబరు …, ప్రింటర్ సీరియల్ నంబరు … — 15వ తేదీ నాటి మీ తిరస్కరణకు జవాబు
>
> నమస్కారం.
>
> ప్రింటర్‌ను వాడినట్లు తనిఖీలో తేలిందనీ, 31 పేజీలు ముద్రించి ఉన్నాయనీ, ఇంకు సగానికి తగ్గిందనీ, అందువల్ల వాపసు కుదరదనీ 15వ తేదీన మీరు రాశారు.
>
> ఈ ప్రింటర్‌ను నేను నచ్చక తిప్పి పంపలేదు. ముద్రణలో అడ్డంగా తెల్లని చారలు వస్తున్నందువల్ల పంపాను. వస్తువు అందిన రెండు రోజులకే, 5వ తేదీన, ఈ లోపాన్ని ఫొటోలతో మీకు తెలిపాను (ఫిర్యాదు నంబరు …). ఆ లోపం ఉందో లేదో మీ మెయిల్‌లో ఎక్కడా లేదు.
>
> నేను ప్రింటర్‌ను ఆన్ చేసి పరీక్షించిన మాట నిజం. ముద్రించకుండా ఈ లోపం తెలిసే వీలు లేదు. 9వ తేదీన ప్యాక్ చేసే ముందు తీసిన స్థితి పత్రంలో మొత్తం 18 పేజీలు ఉన్నాయి. ఫొటో జతచేస్తున్నాను, అందులో సీరియల్ నంబరు కనిపిస్తుంది. వాటిలో 6 నా పత్రం పేజీలు, ఆరింటిలోనూ చారలు ఉన్నాయి. మిగిలిన 12 పేజీలు అమర్చేటప్పుడు ప్రింటర్ తీసినవి, లోపాన్ని పరిశీలించడానికి తీసిన పరీక్ష పత్రాలు. ఎక్కువ భాగం 6వ తేదీన మీ సహాయ విభాగం సూచన మీద తీసినవే. ఆ చాట్ స్క్రీన్‌షాట్ కూడా జతచేశాను.
>
> స్థితి పత్రాన్ని కలుపుకున్నా ప్రింటర్ నా దగ్గర నుంచి వెళ్లేటప్పటికి లెక్క 19. మీరు చెప్పిన 31లో కనీసం 12 పేజీలు ఆ తరువాత ముద్రించినవి. అవి మీ తనిఖీలో తీసినవైతే, వాటి ఫొటోలు పంపగలరు. చారలు ఉన్నాయో లేదో వాటిలోనే తెలుస్తుంది.
>
> ఇంకు తగ్గడానికి మొదటిసారి ఆన్ చేసినప్పటి హెడ్ సిద్ధం చేసే ప్రక్రియ, మీ సూచన మీద చేసిన మూడు శుభ్రాలు, ఒక లోతైన శుభ్రం కారణం.
>
> చెల్లించిన మొత్తాన్ని నేను చెల్లించిన విధానంలోనే తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను. తిరస్కరణ మీదే నిలబడదలచుకుంటే రెండు విషయాలు రాతపూర్వకంగా తెలపండి: ముద్రణలో లోపం లేదని మీ తనిఖీలో తేలిందా; ఉంటే, అది నా వల్ల కలిగిందని ఏ ఆధారంతో అంటున్నారు. 23వ తేదీలోగా జవాబు కోరుతున్నాను. ఈ విషయం తేలేవరకు ప్రింటర్‌ను ఉన్న స్థితిలోనే ఉంచండి, నాకు తిప్పి పంపవద్దు, ఇంకొకరికి ఇవ్వవద్దు.
>
> ఇట్లు,
> …

ఇందులో కొన్ని మాటలు కావాలనే అలా ఉన్నాయి. “పరీక్షించిన మాట నిజం” అన్న వాక్యం చాలామందికి ఓటమిలా కనిపిస్తుంది. నిజానికి విక్రేత చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని అది తీసేసుకుంటుంది. మీరే ఒప్పుకున్న సంగతిని అతను ఇక కనిపెట్టినట్లు చూపలేడు. “వాడాను” అని రాయకుండా “ఆన్ చేసి పరీక్షించాను” అని రాయడం కూడా తెలివితేటల కోసం కాదు. జరిగినది అదే. ఒకవేళ మీరు రెండు వారాలపాటు రోజూ పని చేసుకుని అప్పుడు లోపం కనిపెట్టి ఉంటే, అలాగే రాయండి. లోపం ఎప్పుడు బయటపడిందో తేదీ చెప్పండి. లోపం ఉన్న వస్తువుకు అది కూడా అడ్డు కాదు.

“మోసం” అన్న మాట లేదు. “కోర్టు” లేదు, “సామాజిక మాధ్యమాల్లో పెడతాను” లేదు. ఇవి ఉంటే మెయిల్ చదివే మనిషి జవాబు ఇవ్వడం మాని దాన్ని పైకి తోసేస్తాడు, పైన అది ఎన్ని రోజులు కూర్చుంటుందో తెలియదు. రెండు ప్రశ్నలకు మాత్రం ఎవరో ఒకరు వెళ్లి ప్రింటర్‌ను ఆన్ చేసి చూడక తప్పదు. మనకు కావలసింది అదే.

గడువు తేదీ ఊరికే వారం అని పెట్టలేదు. వేదికలకూ, కార్డు ఇచ్చిన బ్యాంకులకూ వివాదం నమోదు చేయడానికి చివరి తేదీలు ఉంటాయి. మీ ఆర్డరు పేజీలో ఆ తేదీ చూసి, దానికి నాలుగైదు రోజుల ముందే ముగిసేలా మీ గడువు పెట్టండి. విక్రేతకు మర్యాదగా నెల రోజులు ఇచ్చి తన హక్కు తానే దాటిపోయిన మనుషులను నేను చూశాను.

“తిప్పి పంపవద్దు” అన్న వాక్యం ఎందుకంటే, వస్తువు మీ ఇంటికి తిరిగి వస్తే విక్రేత లెక్కలో ఆ వ్యవహారం ముగిసినట్లే. అయినా పంపేశారనుకోండి. కొరియర్ ఇచ్చే ముందే పెట్టె నాలుగు వైపులా ఫొటో తీయండి, విప్పడం వీడియో తీయండి, సీరియల్ నంబరు, పేజీల లెక్క చూడండి, ఆ తరువాత దాన్ని ఒక్కసారి కూడా వాడకుండా పక్కన పెట్టండి. అందుకున్నంత మాత్రాన తిరస్కరణను ఒప్పుకున్నట్లు కాదని అదే రోజు ఒక వరుస రాయండి.

ఆ తరువాత వచ్చే జవాబులు

చాలాసార్లు ఇక్కడితో డబ్బు వస్తుంది. రాకపోతే రెండో మెయిల్ సాధారణంగా కింది మూడు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది.

మొదటిది: “మా నియమాల ప్రకారం సీలు తీసిన వస్తువులకు వాపసు లేదు.” వాళ్ల నియమాల పేజీని తెరిచి ఆ వాక్యం ఏ శీర్షిక కింద ఉందో చూడండి. దాదాపు ఎప్పుడూ అది నచ్చక తిప్పి పంపే వస్తువుల గురించిన భాగంలో ఉంటుంది, లోపమున్న వస్తువులకు వేరే భాగం ఉంటుంది. ఆ రెండో భాగంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్లు ఎత్తి రాసి, “నా అభ్యర్థన దీని కిందికి వస్తుంది” అనండి. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచుకోండి, నియమాల పేజీలు మారుతుంటాయి. లోపమున్న వస్తువు గురించి చట్టం ఇచ్చే హక్కును దుకాణం సొంత నియమం తీసివేయలేదన్నది చాలా దేశాల్లో ఉన్న సూత్రం. మీ దగ్గర ఆ చట్టం పేరు, సెక్షను తెలిస్తే ఒక్క వరుసలో రాయండి, తెలియకపోతే ఊహించి రాయకండి. తప్పు సెక్షను రాస్తే జవాబంతా ఆ తప్పు మీదే వస్తుంది.

రెండోది: “కొంత కోసుకుని మిగిలింది ఇస్తాం.” లోపం వల్ల తిప్పి పంపినప్పుడు దీన్ని ఒప్పుకోవలసిన పని లేదు, ఆ మాటే రాయండి. నచ్చక పంపినప్పుడు మాత్రం ఆలోచించండి. కోత ఎలా లెక్కించారో అడగండి. ఇంకు పోయింది కాబట్టి కొత్త కార్ట్రిడ్జ్‌ల ఖరీదు తీసుకుంటాం అంటే అందులో అర్థం ఉంది. ఏ వివరణా లేకుండా సగం ధర అంటే లేదు. మీరు నిజంగానే పరీక్షకు మించి వాడి ఉంటే, న్యాయంగా అనిపించే కోతను మీరే ముందుగా ప్రతిపాదించడం మంచిది. బేరం అప్పుడు మీ అంకె చుట్టూ తిరుగుతుంది.

మూడోది: “తనిఖీలో ఏ లోపమూ కనిపించలేదు.” ఇది మొదటి మెయిల్ కంటే నిజాయితీ గల జవాబు, ఎందుకంటే ఇప్పుడు అసలు విషయం మీదికి వచ్చారు. పరీక్ష పత్రం ఫొటో అడగండి. ఏ కాగితం మీద, ఏ నాణ్యతలో ముద్రించారో అడగండి. డ్రాఫ్ట్ నాణ్యతలో కొట్టొచ్చినట్లు కనబడిన చారలు, అతి నాణ్యతలో ఒకే వరుస మీద హెడ్ పలుమార్లు తిరగడం వల్ల కనబడకుండా పోతాయి. మీ ఫొటోలో ఉన్న నాజిల్ పరీక్ష పత్రాన్ని చూపి, అదే పరీక్ష తీయమనండి. అందులో విరిగిన గీతలుంటే ఇక వాదనకు తావు లేదు. అన్ని గీతలూ నిండుగా వస్తే, అక్కడ హెడ్‌లోని అడ్డు తొలగిపోయిందని అర్థం. అప్పుడు డబ్బు అడగడం కంటే అదే ప్రింటర్‌నో మార్చిన దాన్నో తీసుకోవడం ఒప్పుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

23వ తేదీ దాటినా ఏ జవాబూ రాకపోతే కొత్తగా ఏమీ రాయనక్కర్లేదు. వేదిక వివాద విభాగానికో, కార్డు ఇచ్చిన బ్యాంకుకో, మీ ప్రాంతంలోని వినియోగదారుల కమిషన్‌కో వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా వాళ్లు ముందుగా అడిగేది, విక్రేతతో తేల్చుకోవడానికి ప్రయత్నించారా, వస్తువు తిప్పి పంపారా అని. 16వ తేదీ మెయిల్‌నే జతచేయండి. అందులో తేదీలు, లెక్క, ఫొటోలు, అడిగిన రెండు ప్రశ్నలు అన్నీ వరుసలో ఉన్నాయి. దాని కింద ఒకే ఒక్క వాక్యం చేర్చండి: “ఈ రెండు ప్రశ్నలకు 23వ తేదీ వరకు జవాబు రాలేదు.”